తడి సీసాకు అంటని లేబుల్: రెండు రంగులేని ద్రావణాలు తారుమారైన ఒక కేసు

ఈ కేసులో ఎవరికీ గాయం కాలేదు, ఏదీ పగలలేదు. పద్నాలుగు మంది విద్యార్థుల ఒక ఉదయపు ప్రయోగం పాడైంది, అంతే. అయినా ఇన్నేళ్లుగా రసాయనశాస్త్ర ప్రయోగశాల చూసుకుంటున్న నాకు ఇంతకంటే ఎక్కువ నేర్పిన పొరపాటు మరొకటి లేదు. కారణం ఒక్కటే. సీసాల మీద లేబుళ్లు తారుమారు చేసిన విద్యార్థిని నిర్లక్ష్యంగా పనిచేసే మనిషి కాదు. ఆమె సీసాలను పరీక్షించింది కూడా. ఆ పరీక్షలో రెండూ సరిగ్గానే ఉన్నట్టు తేలింది.

ఆమె అసలు పేరు రాయడం లేదు, సుజాత అని పిలుస్తాను. బీఎస్సీ రెండో సంవత్సరం. మొదటి సంవత్సరం వాళ్ల ప్రయోగాలకు ముందు రోజు ద్రావణాలు తయారు చేసిపెట్టే పని ఇష్టంగా అడిగి తీసుకుంది. నాకు అలాంటి పిల్లలంటే గౌరవం. ద్రావణం చేతులారా తయారు చేయని వాళ్లకు గాఢత అంటే పరీక్ష కాగితం మీది అంకెగానే మిగిలిపోతుంది.

చేయాల్సిన పని

మర్నాటి ప్రయోగం రెండు భాగాలు. మొదటి భాగంలో గాఢత తెలిసిన సోడియం కార్బొనేట్ ద్రావణంతో హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత కనుక్కోవాలి. రెండో భాగంలో ఆ ఆమ్లంతోనే సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కోవాలి. రెండింటిలోనూ బ్యూరెట్‌లో ఉండేది ఆమ్లమే. కోనికల్ ఫ్లాస్కులోకి పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల క్షారం తీసుకుంటారు. మొదటి దానికి సూచిక మిథైల్ ఆరెంజ్, రెండో దానికి ఫినాఫ్తలీన్.

సుజాత తయారు చేయాల్సినవి రెండు ద్రావణాలు, ఒక్కొక్కటి ఒక లీటరు. సోడియం కార్బొనేట్ 0.05 మోలార్ కావాలి కాబట్టి, ముందే వేడి చేసి డెసికేటర్‌లో ఉంచిన పొడి 5.3 గ్రాములు తూచి, లీటరు ప్రమాణ కుప్పెలో గీత వరకు నింపింది. సోడియం హైడ్రాక్సైడ్ సుమారు 0.1 మోలార్ ఉంటే చాలు. లెక్క ప్రకారం 4 గ్రాములు కావాలి. కానీ ఆ గుళికలు గాలిలోని తేమ పీల్చుకుని ఉంటాయని తెలిసి 4.2 గ్రాములు తీసుకుంది. బీకరులో కరిగించి, వేడి తగ్గాక కొలజాడీలో లీటరు చేసింది. ఇవన్నీ తన నోట్‌బుక్‌లో సరిగ్గా రాసి ఉన్నాయి. తూకాల్లో తప్పు లేదు.

ఒకటి 0.05, మరొకటి 0.1 ఎందుకు అన్నది ఇక్కడ ముఖ్యం. ఒక కార్బొనేట్ అయాన్ రెండు హైడ్రోజన్ అయాన్లను తీసుకుంటుంది, ఒక హైడ్రాక్సైడ్ అయాన్ ఒక్కదాన్నే తీసుకుంటుంది. అందువల్ల ఈ గాఢతల్లో ఏ క్షారం 20 మిల్లీలీటర్లు తీసుకున్నా 0.1 మోలార్ ఆమ్లం 20 మిల్లీలీటర్లే ఖర్చవుతుంది. పిల్లలకు లెక్క సులువుగా ఉంటుందని నేను ఏళ్ల తరబడి ఈ అంకెలే వాడుతున్నాను. ఆ సులువే ఆ రోజు తప్పును దాచిపెట్టింది.

ఆ ఉదయం

మొదటి భాగం హాయిగా సాగింది. `Na2CO3` అని రాసి ఉన్న సీసా నుంచి పిల్లలు 20 మిల్లీలీటర్లు తీసుకున్నారు, మిథైల్ ఆరెంజ్ వేశారు, ఆమ్లం వదిలారు. పసుపు రంగు నారింజ మీదుగా ఎరుపు వైపు తిరిగేసరికి 20.2 మిల్లీలీటర్లు పట్టింది. అందరికీ దాదాపు అదే. ఆమ్లం గాఢత 0.099 మోలార్ అని లెక్క తేలింది. నేను ఆశించినదీ అంతే. ఆ సీసాలో ఉన్నది సోడియం హైడ్రాక్సైడ్ అని అనుమానించడానికి ఆ అంకెలో ఏమీ లేదు.

రెండో భాగంలో చిక్కు మొదలైంది. `NaOH` అని రాసి ఉన్న సీసా నుంచి 20 మిల్లీలీటర్లు తీసుకుని ఫినాఫ్తలీన్ వేస్తే చక్కని గులాబీ రంగు వచ్చింది. ఆమ్లం వదులుతుంటే 10 మిల్లీలీటర్ల దగ్గరే రంగు పోయింది. ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "సార్, ఇది ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. రంగు ఒక్కసారిగా పోకుండా మెల్లగా పలచబడుతోంది" అన్నాడు. అతని రీడింగులు 9.7, 10.4, 10.0. పక్క బల్ల మీద 10.2, 9.8. ఎవరికీ వరుసగా రెండు రీడింగులు కలవడం లేదు.

ఇక్కడ రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ఒకటి, విలువ సరిగ్గా సగం ఉండటం. రెండోది, అంతిమ స్థానం మసకగా ఉండటం. నా అనుభవంలో రెండోదే ముందుగా చెబుతుంది. బలమైన ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్‌ను అంశమాపనం చేస్తే ఫినాఫ్తలీన్ గులాబీ ఒక్క చుక్కతో మాయమవుతుంది. అది మెల్లగా, నిట్టూర్చినట్టు పలచబడుతోందంటే ఫ్లాస్కులో ఉన్నది కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారే దశ. అక్కడ pH మార్పు నిటారుగా ఉండదు. అందుకే ఒక్కో కన్ను ఒక్కో చోట ఆగుతుంది.

మరో మాట. ఇద్దరు విద్యార్థుల పట్టికల్లో 20.1, 20.1 అని ఉంది. సీనియర్ల రికార్డులో అలా ఉంటుందని వాళ్లకు తెలుసు. మిగతా పన్నెండు మంది కూడా అలాగే రాసి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు. ఆ అబ్బాయి తనకు కలవని మూడు రీడింగులను కొట్టివేయకుండా నా ముందు పెట్టడం వల్లే ఈ కేసు ఉంది. ఆ ఇద్దరి చేత ప్రయోగం మళ్లీ చేయించాను, అతని పట్టికను మాత్రం అలాగే సంతకం పెట్టి ఉంచాను.

నేను చేసిన తప్పుడు నిర్ధారణ

మొదట నాకు తట్టింది వేరే కారణం. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కార్బొనేట్ అవుతుందని ప్రతి రసాయనశాస్త్ర అధ్యాపకుడికీ కంఠతా వచ్చు. "మూత సరిగ్గా పెట్టి ఉండరు, గాలి తగిలి పాడైంది" అని పిల్లల ముందే అనేశాను. సుజాత పక్కనే ఉంది. ముఖం చిన్నబుచ్చుకుని, "మూత గట్టిగానే పెట్టాను సార్" అంది.

ఈ నిర్ధారణలో మోసం ఎక్కడ ఉందో చెప్పాలి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పూర్తిగా కార్బొనేట్‌గా మారితే మిగిలేది 0.05 మోలార్ సోడియం కార్బొనేట్. అంటే పూర్తిగా పాడైన హైడ్రాక్సైడ్‌కూ, తారుమారై వచ్చిన కార్బొనేట్‌కూ తేడా ఏమీ ఉండదు. ఆ ఒక్క సీసాను ఎన్నిసార్లు పరీక్షించినా ఈ రెండు కథల్లో ఏది నిజమో తేలదు.

తేల్చింది కాగితం మీద వేసిన చిన్న లెక్క. లీటరు ద్రావణంలోని హైడ్రాక్సైడ్ అంతా కార్బొనేట్ కావాలంటే 2.2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఒక లీటరు గాలిలో ఉండేది ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ. అంటే దాదాపు మూడు వేల లీటర్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మొత్తం ఒక్క రాత్రిలో మూత పెట్టిన సీసాలోకి చేరాలి. అది జరిగే పని కాదు. గాలి వల్ల హైడ్రాక్సైడ్ కొద్దిగా బలహీనపడుతుంది, నిజమే. రాత్రికి రాత్రి సరిగ్గా సగానికి పడిపోదు. సుజాతకు అక్కడే క్షమాపణ చెప్పాను. అప్పుడు గాని నా చూపు రెండో సీసా మీదికి పోలేదు.

పరీక్షలు ఎందుకు మోసం చేశాయి

"సీసాలు మారాయేమో" అనగానే సుజాత ఒప్పుకోలేదు. "నిన్న రెండింటినీ ఎర్ర లిట్మస్‌తో చూశాను సార్. రెండూ నీలం అయ్యాయి" అంది. అది నిజమే. కానీ సోడియం కార్బొనేట్ కూడా క్షార గుణం ఉన్న లవణమే. 0.05 మోలార్ ద్రావణం pH సుమారు 11.5, 0.1 మోలార్ హైడ్రాక్సైడ్‌ది సుమారు 13. లిట్మస్ రెండింటిలోనూ నీలమే అవుతుంది. సార్వత్రిక pH కాగితం మీద రెండూ ముదురు రంగులే, కంటితో విడదీయడం కష్టం. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే రెండూ గులాబీ.

సీసాలు మారి ఉంటే లిట్మస్ ఏం చూపించేదని ఆమెను అడిగాను. కాసేపు ఆలోచించి, "అప్పుడూ రెండూ నీలమే" అంది. ఆ జవాబు చెప్పాక ఇక వాదించలేదు. తప్పు జరిగినా జరగకపోయినా ఒకే ఫలితం ఇచ్చే పరీక్ష చేసి, సరిచూశానని అనుకుంది. ఆ రోజు మొదటి భాగంలో మిథైల్ ఆరెంజ్ చేసినదీ అదే పని. అది కార్బొనేట్‌ను చివరిదాకా, అంటే కార్బన్ డయాక్సైడ్ అయ్యేదాకా లెక్కిస్తుంది. అందువల్ల ఈ రెండు ద్రావణాలకూ 20 మిల్లీలీటర్లే చూపిస్తుంది. ఫినాఫ్తలీన్ సగం దారిలో, బైకార్బొనేట్ దగ్గర ఆగిపోతుంది. అందుకే అది మాత్రమే తప్పును బయటపెట్టింది.

సుజాత మరో ఉపాయం చెప్పింది. కార్బొనేట్ మీద ఆమ్లం పోస్తే బుసబుస పొంగాలి కదా, చూద్దామంది. రెండు పరీక్షనాళికల్లో 2 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, బల్ల మీదున్న 0.1 మోలార్ ఆమ్లమే కొంచెం కొంచెంగా పోసింది. రెండింటిలోనూ బుడగ కనిపించలేదు. ఆమెకు మళ్లీ ధైర్యం వచ్చింది, "చూశారా సార్, దేంట్లోనూ కార్బొనేట్ లేదు" అంది. రెండింటిలోనూ కార్బొనేట్ లేకపోతే తాను తూచిన 5.3 గ్రాములు ఏమైనట్టు? ఆ ప్రశ్న అడిగాక ఇద్దరం కలిసి కారణం వెతికాం.

లీటరు 0.05 మోలార్ కార్బొనేట్ నుంచి వెలువడగల కార్బన్ డయాక్సైడ్ 2.2 గ్రాములు. దాన్ని పూర్తిగా చర్య జరిపించడానికి లీటరు 0.1 మోలార్ ఆమ్లం కావాలి, కాబట్టి ఆ వాయువు రెండు లీటర్ల నీటిలో పరుచుకుంటుంది. అంటే లీటరుకు 1.1 గ్రాములు. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీరు సుమారు ఒకటిన్నర గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకోగలదు. పుట్టిన వాయువంతా నీటిలోనే దాక్కుంటే బుడగ ఎక్కడి నుంచి వస్తుంది? లవణ విశ్లేషణలో పొడి మీద ఇంతకంటే గాఢమైన ఆమ్లం పోసి చూసే పొంగు వేరు, ఇంత పలుచని ద్రావణంలో ఆశించే పొంగు వేరు. పాఠ్యపుస్తకంలోని పరీక్ష సరైనదే, కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు కింద అది మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని "లేదు" అని చదువుకున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. వేళ్ల మధ్య రుద్ది జారుడుగా ఉందో లేదో చూసి క్షారాన్ని గుర్తించే అలవాటు కొన్ని ప్రయోగశాలల్లో ఇంకా ఉంది. ఆ జారుడు చర్మంలోని కొవ్వు, పై పొర కరగడం వల్ల వచ్చేది. ఎంత పలుచగా ఉన్నా సరే ఆ పని చేయనివ్వను. నోటితో పిపెట్ పీల్చడమూ అంతే, రబ్బరు బల్బు వాడాల్సిందే. లేబుల్ మారిన సీసా ఉన్న గదిలో ఆ రెండు అలవాట్లూ ఉంటే ఈ కేసు మొదటి వాక్యం ఇలా ఉండేది కాదు.

తేల్చిన పరీక్ష

చివరికి బేరియం క్లోరైడ్ తీశాం. మూడు పరీక్షనాళికలు పెట్టాం. ఒకదానిలో మొదటి సీసా ద్రావణం 2 మిల్లీలీటర్లు, రెండోదానిలో రెండో సీసాది, మూడోదానిలో స్వేదనజలం. మూడింటిలోనూ ఒక మిల్లీలీటరు బేరియం క్లోరైడ్ ద్రావణం.

`NaOH` లేబుల్ ఉన్న సీసా నుంచి తీసినది పాలలా తెల్లబడింది. `Na2CO3` లేబుల్ ఉన్నదానిలో, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే గాని కనిపించనంత పలుచని మసక. నీళ్ల నాళిక తేటగా ఉంది. తెల్లటి అవక్షేపం బేరియం కార్బొనేట్ కావచ్చు, సల్ఫేట్ కూడా కావచ్చు. అందువల్ల అక్కడ ఆగలేదు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే అవక్షేపం కరిగి తేటపడింది. సల్ఫేట్ అయితే కరగదు.

మరో జత నాళికల్లో ముందుగా ఫినాఫ్తలీన్ వేసి తర్వాత బేరియం క్లోరైడ్ పోశాం. నాకు ఈ పరీక్ష ఇంకా ఇష్టం. కార్బొనేట్ ఉన్న నాళికలో గులాబీ రంగు దాదాపు పోయింది, ఎందుకంటే ఆ రంగుకు మూలమైన కార్బొనేట్ అంతా అవక్షేపంగా అడుగుకు దిగిపోయింది. హైడ్రాక్సైడ్ ఉన్న నాళికలో గులాబీ చెక్కు చెదరలేదు. బేరియం లవణాలు విషం కాబట్టి ఆ నాళికల్లోనివి సింకులో పారబోయకుండా సల్ఫేట్ ద్రావణం కలిపి, కరగని అవక్షేపంగా మార్చి, వ్యర్థాల సీసాలో వేశాం.

అంకెలతో కూడా చూడాలని సుజాత పట్టుబట్టింది. రెండు సూచికలూ ఒకే ఫ్లాస్కులో వేసే పద్ధతి చేశాం. `NaOH` అని రాసి ఉన్న ద్రావణం 20 మిల్లీలీటర్లకు ఫినాఫ్తలీన్ రంగు 10.0 దగ్గర పోయింది. అదే ఫ్లాస్కులో మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగిస్తే 20.0 దగ్గర రంగు మారింది. రెండు దశలూ సమానం. అది కార్బొనేట్ సంతకం.

```
CO3^2- + H+  -> HCO3-        (10.0 mL)
HCO3-  + H+  -> H2O + CO2    (10.0 mL)
```

రెండో సీసాకు ఫినాఫ్తలీన్‌తో 20.1, మిథైల్ ఆరెంజ్ వేశాక 20.2. దాదాపు అంతా మొదటి దశలోనే అయిపోయింది. మిగిలిన 0.1 మిల్లీలీటరు, బేరియం నాళికలో కనిపించిన ఆ పలుచని మసక, రెండూ ఒకటే: గుళికలకు ముందే అంటుకుని ఉన్న కొద్దిపాటి కార్బొనేట్. సీసాలు తారుమారైన మాట ఇక సందేహం లేని సంగతి.

ఎలా మారాయి

సుజాత ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ముందు రోజు సాయంత్రం తాను చేసినదంతా మళ్లీ చేసి చూపిస్తానంది. ఆ ఆలోచన ఆమెదే. దానివల్లే కారణం దొరికింది. "శ్రద్ధ లేదు" అని నేను అనుకుని వదిలేసి ఉంటే దొరికేది కాదు.

ఒకే రకం లీటరు సీసాలు రెండు, ప్లాస్టిక్ మూతలవి, కడిగి తెచ్చింది. క్షారాలకు అరగదీసిన గాజు మూతల సీసాలు వాడవద్దని నేను చెప్పాను, మూత బిగుసుకుపోతుంది. ద్రావణాలు పోసింది. లేబుళ్లు రెండూ ముందే చక్కగా రాసి పెట్టుకుంది. అంటించబోతే సీసాలు బయట తడిగా ఉండటంతో కాగితం జారిపోయింది. గుడ్డతో తుడిచింది. తుడవడానికి ఒక సీసాను ఎత్తింది, కుడివైపు చోటు లేక ఎడమవైపు పెట్టింది. తర్వాత రెండోది. ఆరేదాకా ప్రమాణ కుప్పె, కొలజాడీ కడగడానికి సింకు దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చి, ఎడమ సీసాకు ఎడమ చేతిలోని లేబుల్, కుడిదానికి కుడి చేతిలోది అంటించింది.

అంతే. పది నిమిషాల పాటు పేరు లేని రెండు సీసాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ పది నిమిషాలు ఆమె జ్ఞాపకమే వాటి లేబుల్. ప్రమాణ కుప్పెలో, కొలజాడీలో ఉన్నంతసేపు పాత్రల ఆకారమే రెండింటినీ వేరు చేసింది. ఒకే రకం సీసాల్లోకి వచ్చాక ఆ తేడా కూడా పోయింది. దొంగ తలుపు వెతుక్కుంటాడంటారు. మా దగ్గర తలుపు తడి గాజు రూపంలో తెరుచుకుంది.

కాబట్టి నివారణ కూడా ఆ తడి నుంచే మొదలుపెట్టాం. ఖాళీ సీసాకే ముందుగా లేబుల్ వేయాలి, ద్రావణం తర్వాత పోయాలి. గాజు ఆరకపోతే మెడకు దారంతో కట్టే అట్టముక్క వాడాలి. ఒక ద్రావణం సీసాలోకి చేరి, పరీక్ష కూడా అయ్యాకే రెండో దాని తూకం మొదలవ్వాలి. ఈ మూడో నియమం వల్ల అరగంట ఎక్కువ పడుతోంది. అటెండర్ గారు మొదట అభ్యంతరం చెప్పారు, సాయంత్రం బస్సు దొరకదని. ఆయన మాట న్యాయమే. అందుకే తయారీని మధ్యాహ్నం భోజనం తర్వాతకు జరిపాం.

తర్వాత సుజాత చేసిన పని

ఆమె ఒక చిన్న నోట్‌బుక్ మొదలుపెట్టింది. అందులో రసాయనాల పేర్లు ఒక్కొక్కటిగా కాకుండా జతలుగా ఉంటాయి. ఏ రెండు సీసాలు ఒకే బల్ల మీద, ఒకే రోజు, ఒకేలా కనిపిస్తాయో ఆ రెండూ ఒక జత. ప్రతి జతకూ ఎదురుగా ఆ రెండింటినీ విడదీసే పరీక్ష, దాని పక్కన ఆ పరీక్ష ఎక్కడ పనిచేయదో. పలుచని హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల జతకు బేరియం క్లోరైడ్. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల జతకు సిల్వర్ నైట్రేట్, కానీ పక్కనే "కుళాయి నీటితో కడిగిన నాళిక కూడా తెల్లబడుతుంది, స్వేదనజలంతో ఒక నాళిక తప్పకుండా పెట్టాలి" అని రాసుకుంది. కుళాయి నీటిలో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఆ మాట అక్షరాలా అవసరం. కార్బొనేట్, హైడ్రాక్సైడ్ జతకు ఎదురుగా లిట్మస్, pH కాగితం, పలుచని ఆమ్లం, మిథైల్ ఆరెంజ్ అని వరుసగా రాసి నాలుగింటినీ అడ్డంగా కొట్టేసింది. ఆ కొట్టివేతలను చెరిపేసి శుభ్రంగా తిరగరాయవద్దని చెప్పాను.

సీసా తెరిచిన ప్రతిసారీ ఇన్ని పరీక్షలు కుదరవు. లేబుల్ వేసిన రోజు ఒకసారి, ప్రయోగానికి ముందు ఒకసారి, 2 మిల్లీలీటర్లతో, పక్కన నీళ్ల నాళికతో. తీసిన నమూనాను తిరిగి సీసాలో పోయకూడదు. లేబుల్ మీద పేరు, గాఢత, తేదీతో పాటు ఏ పరీక్షతో చూశారో కూడా రాస్తుంది: "BaCl2: తేట". ఎవరు చూశారో వాళ్ల పొడి అక్షరాలు.

నాలుగు నెలల తర్వాత ఒక రోజు ఆమె నా గదికి వచ్చింది. చేతిలో సోడియం హైడ్రాక్సైడ్ సీసా. లేబుల్ నా చేతిరాతే, నేను స్వయంగా తయారు చేసినది. "సార్, మీరు రాసినదే కానీ చూశాను. తేటగా రాలేదు, తెల్లబడింది. పాలలా కాదు, మజ్జిగ తేటలా" అంది. ఎంత తెల్లబడితే తప్పు అని అడిగింది. మంచి ప్రశ్న. కంటితో చెప్పలేం, కొలవాలి. 20 మిల్లీలీటర్లకు 0.1 మోలార్ ఆమ్లంతో ఫినాఫ్తలీన్ దగ్గర 19.0, మిథైల్ ఆరెంజ్ దగ్గర 19.6 వచ్చింది. తేడా 0.6. అంటే కార్బొనేట్ 0.003 మోలార్, మిగిలిన హైడ్రాక్సైడ్ 0.092. సీసా మారలేదు, లేబుల్ మీద పేరు నిజమే. నెలల తరబడి తెరుస్తూ మూస్తూ ఉండటంతో ఈసారి నిజంగానే గాలి తగిలింది, లేబుల్ మీది 0.1 మాత్రం నిజం కాకుండా పోయింది.

ఆమె నా లేబుల్ తడిపి ఊడదీసింది. సీసా ఖాళీ చేసి, కడిగి, బయట గుడ్డతో పొడిగా తుడిచి, ఖాళీ సీసాకే కొత్త లేబుల్ అంటించింది. ఆ తర్వాతే తూకం దగ్గరికి వెళ్లింది.